ఏడు చేపల కథలో కత్తెర ఎక్కడ పడాలి?

సంపాదకుడి గారికి నమస్కారం.

జానపద కథలను పిల్లల కోసం ఐదు నిమిషాల యానిమేషన్ చిత్రాలుగా తీయించేవారు ఇప్పుడు పెరిగారు. సంతోషమే. కానీ చాలా చిత్రాల్లో ఉంచాల్సింది పోతోంది, తీసేయాల్సింది మిగులుతోంది. చిత్రంలోని దృశ్యాలను ముందుగా వరుస బొమ్మలుగా వేసే స్టోరీబోర్డులు గీసే పనిలో ఉన్నదాన్ని కనుక, మనందరికీ తెలిసిన ఏడు చేపల కథనే తీసుకుని నా అభ్యంతరం చెబుతాను.

ఈ కథ చేతికి రాగానే ముందు కత్తెర పడేది ప్రశ్నల మీద. చేప, గడ్డిమేటు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లవాడు, చీమ... ఒకే ప్రశ్న ఏడుసార్లు ఎందుకు, మూడు చాలవా అంటారు. ఖర్చు భయం కూడా ఉంది. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. ఆ లెక్కన ఐదు నిమిషాలకు 3,600 బొమ్మలు. అయితే ఈ కథలో డబ్బు తినేది ప్రశ్నలు కాదు, రాజుగారి ఏడుగురు కొడుకులు. ఏడు ముఖాలు, ఏడు నడకలు, ఆపైన వేట! కథ చెప్పే అవ్వలు వాళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తారు. చిత్రంలోనూ చేపలు మోసుకొస్తున్న ఏడు నీడలు ఒక వరుసలో కనిపిస్తే చాలు, పది సెకన్లలో పని అయిపోతుంది. అందులో కొందరిని కూతుళ్లుగా మార్చినా కథకు నష్టం లేదు.

ప్రశ్నలను మాత్రం ఏడూ ఉంచాలి. వాటికి చవకైన దారి ఉంది. గడ్డిమేటు, ఆవు, పాలేరు, అవ్వ అందరూ ఒకే పొడవాటి నేపథ్య చిత్రం మీద వరుసగా ఉంటారు. కెమెరా పక్కకు జరుగుతూ పోతుంది. అడిగేది ఒక గొంతు మాత్రమే, మనిషి కనబడడు. అడిగినప్పుడల్లా ఆ పాత్ర నేరుగా మన వైపు చూస్తుంది. అప్పుడు అడిగేది చూస్తున్న బిడ్డే అవుతుంది. మొదటి ప్రశ్నకు ఇరవై సెకన్లు తీసుకుని, పోనుపోను తగ్గించుకుంటూ వస్తే చివరివి ఎనిమిది సెకన్లలో ముగుస్తాయి. వేగం పెరిగేకొద్దీ నవ్వు పెరుగుతుంది.

ఒక్క జాగ్రత్త. జవాబుకు ముందు ఒక సెకను విరామం ఉండాలి. బొమ్మ పూర్తిగా కదలకుండా ఆగితే చిత్రం నిలిచిపోయినట్టు కనిపిస్తుంది కాబట్టి ఆవు చెవి ఒకసారి ఆడించాలి, పాలేరు కళ్లార్పాలి. ఇది సరిపోయిందో లేదో రంగులు వేయకముందే తెలుసుకోవచ్చు. స్టోరీబోర్డు బొమ్మలకు తాత్కాలికంగా గొంతు జతచేసిన యానిమాటిక్‌ను పిల్లలకు చూపించండి. మూడో ప్రశ్న వచ్చేసరికి వాళ్లు గొంతు కలపకపోతే విరామం చాలలేదన్నమాట.

ఇక ఆధునికం చేయడం. గడ్డిమేటు ఈ పిల్లలకు తెలియదని దాని చోట పెద్ద భవనం పెడదామన్న ప్రతిపాదనను నేను స్వయంగా విన్నాను. భవనాన్ని ఆవు మేయదు కదా! ఆవు మేయకపోవడం వల్లే మేటు తరగలేదు, మేటు నీడ పడడం వల్లే చేప ఎండలేదు. ప్రతి జవాబూ ఒక సాకు, అదే సమయంలో అసలు కారణం కూడా. ఒక్క లంకె మార్చినా రెండు వైపులా తెగుతుంది. గడ్డిమేటు తెలియని బిడ్డకు చేప మీదికి పాకే దాని నీడను చూపిస్తే అర్థమైపోతుంది. మార్చదగినది వేరే ఉంది. కొందరి నోట పాలేరు స్థానంలో కులం పేరు వస్తుంది. అక్కడ పశువుల కాపరి అంటే సరిపోతుంది. కానీ అవ్వ అన్నం పెట్టలేదన్న అతని జవాబును దయచేసి తీయకండి. ఆకలితో పని జరగదన్న మాట కథ మొత్తంలో అక్కడే ఉంది. ఖాళీ గిన్నె పట్టుకుని కూర్చున్న కాపరి బొమ్మ ఒక్కటి చాలు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ముగింపు. నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అని చీమ ఎదురు ప్రశ్న వేస్తుంది, కథ అయిపోతుంది. తీయించేవారు అక్కడ ఆగనివ్వరు. పిల్లవాడు చీమకు క్షమాపణ చెప్పాలి, చేప ఎండాలి, తెర మీద నీతివాక్యం పడాలి. ఇంతమంది తప్పించుకున్నాక, అందరికంటే చిన్న ప్రాణి ఒక్కటే తప్పించుకోకుండా నిలబడి నా ఇల్లు నాదే అంటుంది. చీమను తెర నిండా పెద్దగా చూపించి, ఆ మాట కాగానే తెర నల్లబడాలి. ఆ తర్వాత పుట్టే గోల పిల్లలది.

అందుకే పిల్లల చిత్రాలకు డబ్బు పెట్టే సంస్థలకు, ప్రభుత్వ విభాగాలకు మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు. చివర సందేశం తప్పనిసరి అన్న షరతును ఒప్పంద పత్రాల నుంచి తీసేయండి. స్క్రిప్టుతో పాటు, కథ చెప్పేవారి నోట యథాతథంగా రికార్డు చేసిన ప్రతిని కూడా అడిగి తీసుకోండి; ఏమేమి కోశారో, ఎందుకు కోశారో దాని పక్కన రాయించండి.

ఇట్లు
ఒక స్టోరీబోర్డు చిత్రకారిణి