కెమెక్స్ ఎవరికి, కోన్ ఎవరికి: పొడి ప్యాకెట్లలో ఈ నెల నుంచి మార్పు

"అన్నా, మీ దగ్గరే కెమెక్స్ కొన్నాను. షాపులో మీరు కోన్ డ్రిప్పర్‌లో పోసిచ్చే కాఫీ బాగుంటుంది. అదే పొడితో ఇంట్లో చేస్తే పలచగా ఉంటోంది, పైగా చేదు. ఆ మందం పేపరే కారణమా? డ్రిప్పర్ మార్చేయాలా?"

పలచదనానికి పేపరే కారణం. అది పోదు, కెమెక్స్ అనే ఆ గాజు బ్రూవర్‌ను తయారుచేసిందే అలాంటి కాఫీ కోసం. చేదుకు మాత్రం పేపర్ ఒక్కటే కారణం కాదు, పొడి సైజు కూడా. దాన్ని ఇవాళే పోగొట్టుకోవచ్చు. ఇలాంటి మెసేజ్‌లు ఈ మధ్య చాలామంది దగ్గర నుంచి వస్తున్నాయి కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను. షాపులో చేస్తున్న మార్పులు కూడా ఇందులోనే చెప్తాను.

కెమెక్స్‌ను 1941లో న్యూయార్క్‌లో పీటర్ ష్లుమ్‌బోమ్ అనే జర్మన్ కెమిస్టు రూపొందించాడు. ల్యాబ్‌లో రోజూ వాడే గరాటును, కోనికల్ ఫ్లాస్కును కలిపి ఒకే గాజు పాత్రగా చేశాడు. నడుము దగ్గర చెక్క పట్టీ, తోలు తాడు పెట్టాడు, చెయ్యి కాలకుండా. పేపర్ సంగతి కూడా ల్యాబ్ పద్ధతే. మామూలు కాఫీ ఫిల్టర్ల కంటే తమది 20 నుంచి 30 శాతం బరువు ఎక్కువని కంపెనీ చెప్తుంది. దానికి తోడు మడత విప్పి కోన్‌లా చేసినప్పుడు ఒకవైపు మూడు పొరలు, ఇంకోవైపు ఒక పొర వస్తాయి. కాఫీలోని నూనె, మెత్తటి దుమ్ము లాంటి పొడి ఆ పేపర్లో చిక్కుకుపోతాయి. కాఫీ తాగినప్పుడు నాలుక మీద ఒక చిక్కదనం, కొంచెం జిడ్డు తెలుస్తాయే, అవి చాలావరకు ఈ రెండింటి వల్లే. అవి పోతే మిగిలేది తేటగా, టీ రంగులో ఉండే కాఫీ. పులుపు, తీపి, పండు వాసన విడివిడిగా తెలుస్తాయి. కొందరికి అదే కావాలి. డికాక్షన్ అలవాటైన నోటికి మాత్రం మొదటి గుక్కలో "ఇందులో ఏముంది?" అనిపిస్తుంది. ఆ అనిపించడంలో తప్పేమీ లేదు.

మధ్యలో ఒక మాట. మందం పేపరైతే కొలెస్ట్రాల్‌కు మంచిదట కదా అని కొందరు అడుగుతున్నారు. కాఫీ నూనెలో ఉండే కఫెస్టాల్ అనే పదార్థం చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది, అది నిజమే. కానీ దాన్ని మామూలు కాగితం ఫిల్టర్ కూడా చాలావరకు ఆపేస్తుంది. కాబట్టి దానికోసమే కెమెక్స్ కొననక్కర్లేదు.

ఇక చేదు సంగతి. పేపర్ మందమే కాదు, గాజు గోడ నున్నగా ఉండటం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. హారియో వి60 లాంటి కోన్ లోపల చూడండి, మెలి తిరిగిన గాడులు కనిపిస్తాయి. అవి తడిసిన పేపర్‌ను గోడకు అంటుకోకుండా ఎత్తి పడతాయి. నీళ్లు అడుగు నుంచే కాదు, పక్కల నుంచి కూడా దిగుతాయి. కింద ఒకటే పెద్ద రంధ్రం, అడ్డేమీ ఉండదు. అందుకే కోన్‌లో కాఫీ ఎంతసేపట్లో దిగాలన్నది దాదాపుగా మీ పొడి, మీరు పోసే తీరే నిర్ణయిస్తాయి. కెమెక్స్‌లో తడి పేపర్ గాజుకు అతుక్కుపోతుంది. గాలి బయటికి పోవడానికి కాఫీ వంపే మూతి దగ్గరున్న గాడి తప్ప పెద్దగా దారి లేదు. నీళ్లు దాదాపుగా అంతా పొడిలోంచి, మందపాటి పేపర్ లోంచి అడుగుకే దిగాలి. కోన్‌కు సరిపోయే మెత్తటి పొడిని ఇందులో వేస్తే నీళ్లు నిలబడిపోతాయి, నిలబడినంతసేపూ చేదు లాగుతూనే ఉంటాయి. పేపర్ చిక్కదనాన్ని తీసేస్తుంది, ఆలస్యం చేదును తెస్తుంది. పలచగానూ చేదుగానూ ఒకేసారి ఎలా ఉంటుందో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

పైన ప్రశ్న అడిగిన కస్టమర్ వీడియో పంపారు. ఆరు కప్పుల కెమెక్స్, 20 గ్రాముల పొడి, 320 గ్రాముల నీళ్లు. కోన్‌లో మూడు నిమిషాల్లో దిగాల్సినది అక్కడ ఆరు నిమిషాలు దాటినా చుక్క చుక్కగానే పడుతోంది. పొడి మా పాత "ఫిల్టర్ గ్రైండ్", అంటే కోన్‌కని ఆడించినది. రెండో సంగతి, పేపర్ తిరగేసి పెట్టారు. ఒక్క పొర ఉన్న వైపు మూతి దగ్గర ఉంది. తడిసిన ఒంటి పొర ఆ గాడిలోకి కుంగి గాలి దారిని మూసేసింది. కింద గాలి ఇరుక్కుంటే పైనున్న నీళ్లు దిగవు. ఇది పొడి వల్ల వచ్చిన ఆలస్యమా, గాలి వల్లా అని తెలుసుకోవడం సులువు. మూతి వైపు పేపర్‌ను చెంచా కాడతో కొంచెం ఎత్తి చూడండి. వెంటనే ధార మొదలైతే గాలి సమస్య. మార్పు లేకపోతే, పొడి పైభాగం బురదలా మెరుస్తుంటే, పొడి మరీ మెత్తనైందని అర్థం.

ఆయనకు చెప్పింది ఇదీ. మూడు పొరల వైపు మూతి మీద పెట్టండి. పేపర్ మీద వేడి నీళ్లు ధారాళంగా పోసి, పేపర్ కదలకుండా ఆ నీళ్లను మూతి నుంచి వంపేయండి. కాగితం వాసన పోతుంది, అంతకన్నా ముఖ్యంగా ఆ మందపాటి గాజు వేడెక్కుతుంది. పొడి 30 గ్రాములు, బరకగా. నీళ్లు మరిగి అర నిమిషం ఆగినవి, మొత్తం 500 గ్రాములు. మొదట 70 గ్రాములు పోసి 45 సెకన్లు ఆగండి. తాజాగా వేయించిన పొడి పొంగి గ్యాస్ వదులుతుంది, అది పోయాకే నీళ్లు సరిగా లోపలికి ఇంకుతాయి. తర్వాత నెమ్మదిగా, మధ్య నుంచి చుట్టూ తిప్పుతూ 250 వరకు. నీళ్లు సగం దిగాక మిగతాది. మొత్తం నాలుగున్నర, అయిదు నిమిషాల్లో అయిపోవాలి. ఆరు దాటితే ఇంకా బరక, మూడున్నరకే అయిపోయి పుల్లగా నీళ్లలా ఉంటే కొంచెం మెత్తన. కోన్‌కు పొడి బొంబాయి రవ్వ లాగా ఉంటే దీనికి ఇడ్లీ రవ్వ లాగా ఉండాలి, కంటికి ఆ తేడా చాలు. ఆయనకు చేదు పోయింది. పలచదనం అలాగే ఉందని కూడా చెప్పారు, అది ముందే చెప్పాను.

20 గ్రాముల నుంచి 30కి ఎందుకు పెంచమన్నానంటే, ఆ పాత్ర ఒక్కరి కోసం చేసింది కాదు. పెద్ద గాజు, పెద్ద పేపర్ కలిసి కొంచెం కాఫీని తొందరగా చల్లార్చేస్తాయి. ముగ్గురు నలుగురు కూర్చుని ఒకేసారి తాగే ఇంట్లో దానికి సాటి లేదు, కోన్‌లో రెండు మూడు సార్లు పోసే పని తప్పుతుంది. పొద్దున్నే ఒక్కరే ఒక కప్పు తాగేవాళ్లకు 15 గ్రాములు, 250 గ్రాముల నీళ్లు, ఒక కోన్. అంతే.

కలీటా వేవ్ లాంటి చదునైన అడుగున్న డ్రిప్పర్ గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే దానితో ఫిర్యాదులు తక్కువ. అడుగు చదును కాబట్టి పొడి మందం అంతటా ఒకేలా పరుచుకుంటుంది. కింద మూడు చిన్న రంధ్రాలే, నీళ్లు మీరు తొందరపడినా అవి తొందరపడవు. చెయ్యి వణికినా, రోజుకో తీరుగా పోసినా రుచి పెద్దగా మారదు. రుచిలో కోన్ కంటే కొంచెం నిండుగా, తీపిగా ఉంటుంది. దాని తలనొప్పల్లా పేపరే. కప్‌కేక్ కాగితం లాంటి మడతలు పార్సిల్‌లో నలిగిపోతే గోడకు అతుక్కుని ధార ఆగిపోతుంది. నలిగిన ప్యాకెట్ వస్తే ఫోటో పంపండి, మార్చిస్తాం.

గింజల విషయంలో మా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్తాను. మేం అమ్మేవి ఎక్కువగా అరకు గింజలు. పండుతో పాటు ఎండబెట్టిన న్యాచురల్ లాటుకు కెమెక్స్ బాగా కుదురుతుంది. ఆ రకంలో ఒక్కోసారి ఘాటుగా, పులిసినట్టు వచ్చే వాసనను మందం పేపర్ తగ్గించి పండు రుచిని పైకి తెస్తుంది. మా మీడియం డార్క్ రోస్టును మాత్రం అందులో వేయకండి. ఆ రోస్టుకు ఉన్నదే చిక్కదనం, దాన్నే పేపర్ తీసేస్తే మిగిలేది మాడు వాసన. అది చదునైన అడుగున్న దాంట్లో బాగుంటుంది. పాలు కలుపుకునేవాళ్లకు ఈ మూడింట్లో ఏదీ అమ్మాలని నాకు లేదు. ఇంట్లో ఉన్న స్టీల్ ఫిల్టరే దానికి సరైనది.

ఇప్పుడు మార్పులు. "ఫిల్టర్ గ్రైండ్" అనే ఒకే ప్యాకెట్ ఇక ఉండదు. కోన్, చదును, కెమెక్స్ అని మూడు గ్రైండ్లు వస్తాయి. కెమెక్స్ అడిగినవాళ్లను ఇంట్లో ఎంతమంది తాగుతారని, నెలకు ఎన్ని పేపర్లు పడతాయని ముందే అడుగుతాం. గాజు పాత్ర మీద మాకు మిగిలేది మూడింట్లోనూ ఎక్కువే, ప్లాస్టిక్ కోన్ మీద చాలా తక్కువ. అయినా ఒక్కరికే చేసుకునేవాళ్లకు ప్లాస్టిక్ కోనే చెప్తాం. అది వేడిని పెద్దగా లాగదు, కింద పడినా పగలదు. కెమెక్స్ మెడ దగ్గర చెయ్యి దూరదు, సీసాలు కడిగే పొడుగు బ్రష్ కావాలి, చెక్క పట్టీ విప్పి కడగాలి. ఇవన్నీ డబ్బులు తీసుకోకముందే చెప్పాలని మా అబ్బాయిలకు చెప్పాను. పేపర్లు కూడా దానివే కొనాలి. కోన్ పేపర్ ఇందులో పెడితే పలచటి కాగితం గాడిలోకి జారి పైన చెప్పిన గాలి సమస్యే మళ్లీ వస్తుంది. స్టాక్ దిగుమతి మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి చివరి పది పేపర్లు ఉండగానే ఆర్డర్ పెట్టండి.

పాత గ్రైండ్ ప్యాకెట్ తెరవకుండా ఉంటే తెచ్చివ్వండి, బరక పొడి ఇస్తాం. తెరిచినదైతే కోన్ ఉన్న స్నేహితులెవరికైనా ఇచ్చేయండి, మెత్తటి పొడిని మళ్లీ బరక చేయలేం. ఇక నుంచి ఆర్డర్ మెసేజ్‌లో డ్రిప్పర్ పేరు, ఒకసారికి ఎంతమందికి చేస్తారో రెండూ రాయండి. గింజలే తీసుకుని ఇంట్లో ఆడించుకునేవాళ్లకు ఏ మార్పూ లేదు.