ఆదివారం మీటింగ్‌లో నేను చెప్పబోయేది ఇదీ

"మీటింగ్‌లో మీకు ఐదు నిమిషాలే ఇస్తాం. ఏసీ సర్వీస్ ప్లాన్ గురించి ఏం చెబుతారో ముందే రాసి పంపండి. పోయినసారి లాగా మాత్రం వద్దండీ."

అపార్ట్‌మెంట్ సొసైటీ కమిటీవాళ్ళు నాతో అన్న మాట ఇది. ఐదు కూడా అక్కర్లేదు, మూడు చాలు. కింద రాశాను. పోయినసారి జరిగినదాంట్లో ఇప్పటికే ప్లాన్ తీసుకున్నవాళ్ళకు సంబంధించిన సంగతి కూడా ఉంది కాబట్టి ఇది కస్టమర్లందరికీ పంపుతున్నాను.

పోయినసారి నేను రెండు మాటలు గట్టిగా అన్నాను. "కరెంటు బిల్లు బాగా తగ్గుతుంది" అన్నది ఒకటి. వెనక వరుసలోంచి ఒక పెద్దాయన "ఎంత తగ్గుతుంది బాబూ?" అని అడిగారు. నేను నీళ్ళు నమిలాను. ఏసీకి ఎంత దుమ్ము పట్టింది, రోజుకు ఎన్ని గంటలు నడుస్తుంది, ఎన్ని డిగ్రీల మీద పెడతారు అన్నవి తెలియకుండా ఎవరూ అంకె చెప్పలేరు. చెబితే అది కల్పించిన అంకే. ఆ మాట ఈసారి తీసేశాను.

రెండోది "ప్లాన్‌లో గ్యాస్ ఫ్రీ". దీనికే చప్పట్లు పడ్డాయి, అసలు తప్పు కూడా ఇదే. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ళ తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. నేనేమో ఫ్రీ అన్నాను కాబట్టి మా కుర్రాళ్ళు లీకు వెతక్కుండా నింపేసి వచ్చేవాళ్ళు. ఒక ఇంట్లో వరుసగా రెండు ఎండాకాలాలు ఒకే ఏసీకి గ్యాస్ నింపాం. మూడోసారి ఆ ఇంటావిడ ఫోన్ చేసి "ఫ్రీ అయితే అయింది, నా ఏసీ ఎప్పుడు బాగవుతుంది?" అన్నారు. సిగ్గేసి నేనే వెళ్ళాను.

అవుట్‌డోర్ యూనిట్ పక్కన రాగి పైపు బిగించే నట్టు చుట్టూ నల్లగా, జిడ్డుగా దుమ్ము అట్టకట్టి ఉంది. గ్యాస్ కారేచోట కంప్రెసర్ నూనె కూడా కొద్దికొద్దిగా బయటికొస్తుంది, దుమ్ము దానికి అంటుకుంటుంది. సబ్బు నురగ రాస్తే ఒక్కో బుడగ మెల్లగా ఉబ్బింది. పైపు చివర కోసి, అంచును మళ్ళీ గరాటులా విప్పి, నట్టు బిగించాం. నైట్రోజన్ పట్టించి ప్రెజర్ దిగడం లేదని చూసుకున్నాం. ఆ తర్వాత వాక్యూమ్ లాగి, యూనిట్ ప్లేటు మీద రాసిన బరువు ప్రకారం గ్యాస్ తూచి నింపాం. సగం రోజు పట్టింది. అప్పటి నుంచి ఆ ఇంటి నుంచి గ్యాస్ కోసం ఫోన్ రాలేదు.

కాబట్టి కొత్త ప్లాన్‌లో గ్యాస్ ఉండదు, లీకు వెతకడం ఉంటుంది. "గ్యాస్ ఫ్రీ" అని నా మాట నమ్మి ఇదివరకే డబ్బు కట్టినవాళ్ళకు గడువు అయ్యేదాకా ఆ మాట నిలబెట్టుకుంటాను. అయితే ముందు లీకు పట్టుకుంటాం, తర్వాతే నింపుతాం.

ఇక మీటింగ్‌లో నేను చెప్పే మాటలు. చేతిలో ఒక థర్మామీటరు, ఒక టిష్యూ కాగితం, సగం మాత్రమే కడిగిన ఒక ఫిల్టర్ ఉంటాయి. బ్రోచర్లు తీసుకురావడం లేదు. పోయినసారివి కుర్చీల కింద ఏరుకున్నాను.

"అందరికీ నమస్కారం. ఇప్పటికే లిఫ్టు, పార్కింగ్ అయ్యేసరికి అలిసిపోయి ఉంటారు, మూడు నిమిషాల్లో వదిలేస్తాను. ఈ హాల్లో ఏసీ మీరు వచ్చే ముందు నుంచి 18 మీద నడుస్తోంది. గాలి లోపలికి పోయేచోట థర్మామీటరు పెడుతున్నాను, ఇదీ అంకె. చల్లగాలి బయటికొచ్చేచోట పెడుతున్నాను, ఇదీ అంకె. బాగున్న ఏసీలో ఈ రెంటికీ తేడా సుమారు 8 నుంచి 12 డిగ్రీలు ఉంటుంది. గాలిలో తేమను బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది.

"ఇప్పుడు ఈ టిష్యూ చూడండి. తేడా బాగా ఎక్కువగా ఉండి టిష్యూ సరిగా ఊగకపోతే గాలి వస్తున్నది తక్కువ. ఫిల్టరో, లోపలి కాయిలో, బ్లోయరో దుమ్ముతో పూడుకుపోయిందన్నమాట. గాలి చల్లగానే తగులుతుంది, గది మాత్రం చల్లబడదు. దానికి గ్యాస్ అక్కర్లేదు, కడగడం కావాలి. టిష్యూ బాగా ఎగురుతూ తేడా నాలుగైదు డిగ్రీలే ఉంటే మాత్రం అవుట్‌డోర్ యూనిట్ వైపో, గ్యాస్ వైపో చూడాలి. ఇక మీద ఎవరైనా వచ్చి చూడకుండానే గ్యాస్ అయిపోయింది అంటే, ముందు ఈ రెండూ చూపించమనండి. నన్ను కూడా అడగండి.

"ప్లాన్‌లో ఏడాదికి రెండుసార్లు వస్తాం. ఒకటి ఎండలు ముదరక ముందు, ఇంకోటి ఆర్నెల్లకు. ఫిల్టర్, కాయిల్, బ్లోయర్ కడుగుతాం, డ్రెయిన్ పైపులో నీళ్ళు పోసి పారుతున్నాయా అని చూస్తాం, అవుట్‌డోర్ యూనిట్ కడుగుతాం. పని మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి ఆ అంకెలు మీ కార్డు మీద రాసి సంతకం పెడతాం. గ్యాస్, విడిభాగాలు ప్లాన్‌లో లేవు. కావలసి వస్తే ముందు మీకు కారణం చూపిస్తాం, మీరు సరే అన్నాకే చేస్తాం. సొసైటీ అంతా చేరక్కర్లేదు, కావలసినవాళ్ళే చేరండి."

అంతే. తర్వాత సగం కడిగిన ఫిల్టర్‌ను వెలుగుకు ఎత్తి పట్టుకుంటాను. ఒక సగంలోంచి ట్యూబ్‌లైటు కనిపిస్తుంది, రెండో సగం కంబళి ముక్కలా ఉంటుంది. నేను చెప్పేదాని కన్నా జనం దాన్నే ఎక్కువ చూస్తారు, చూడనివ్వండి.

ప్రశ్నలు ఎలాగూ వస్తాయి. "మీవాళ్ళు ముట్టుకున్నాకే పాడైంది" అన్న గొడవ ప్రతి సొసైటీలోనూ ఉంటుంది. ఒక్కోసారి నిజంగా మా తప్పే: నీళ్ళు జల్లేటప్పుడు సర్క్యూట్ బోర్డు మీద కవర్ సరిగా కప్పకపోతే అది పోతుంది. అలా జరిగితే ఖర్చు మాది. మిగతా సందర్భాల్లో పని ముందు రాసిన అంకెలే మాట్లాడతాయి. పదేళ్ళు దాటిన ఏసీలను తీసుకుంటారా అని కూడా అడుగుతారు. తీసుకుంటాం, కానీ కాయిల్ రేకులు చేత్తో ముట్టుకుంటే పొడిలా రాలేంతగా తుప్పు పట్టి ఉంటే ప్లాన్‌లో చేర్చుకోం. దాన్ని కడిగితే లీకయ్యే ప్రమాదం ఎక్కువ.

కమిటీకి ఒక్క మనవి. మీటింగ్ మొదలవడానికి ఇరవై నిమిషాల ముందు హాల్లో ఏసీని 18 మీద పెట్టించండి, ఎకో మోడ్ ఉంటే తీసేయండి. ఇన్వర్టర్ ఏసీ గది చల్లబడ్డాక నెమ్మదిస్తుంది, అప్పుడు కొలిస్తే తేడా తక్కువగా కనిపించి మీ ఏసీకి లేని జబ్బు అంటగట్టినవాణ్ణవుతాను. హాలు తలుపులు మాత్రం తెరిచే ఉంచండి. నిచ్చెన నేను తెచ్చుకుంటాను.