స్పెయిన్ పేకతో బ్రిస్కా, నీకోసం మొత్తం రాసి పంపుతున్నా

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్ రా. నేను పంపిన పేక అందిందని మెసేజ్ పెట్టావ్ కదా, దాంతోపాటు "ఇందులో రాణి లేదేంట్రా, 8, 9 కూడా లేవు, ముక్కలు తక్కువొచ్చాయేమో" అని అడిగావ్. తక్కువేం రాలేదు, సరిగ్గా నలభై ముక్కలే ఉంటాయి, స్పెయిన్‌లో బ్రిస్కా, తూతే లాంటి ఆటలన్నీ ఈ నలభైతోనే ఆడతారు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావ్, అందుకే కూర్చుని రాస్తున్నా, పేక ముందు పెట్టుకుని చదువు.

ముందు నాలుగు రంగులు చూడు. బంగారు నాణేలున్నవి ఓరోస్, కప్పులున్నవి కోపాస్, కత్తులు ఎస్పాదాస్, పచ్చటి దుడ్డుకర్రలు బాస్తోస్. ఒక్కో రంగులో 1 నుంచి 7 దాకా, తర్వాత మూడు బొమ్మలు: నిలబడి ఉన్న కుర్రాడు సోతా, గుర్రం మీద ఉన్నవాడు కబాయో, కిరీటం పెట్టుకున్నది రేయ్, అంటే రాజు. మనం గుర్రం, రాజు అనేసుకుందాం, సోతాని మాత్రం సోతా అనే అందాం. ఇప్పుడు ముక్క అంచు చుట్టూ ఉన్న గీతని జాగ్రత్తగా చూడు, పైనా కిందా అక్కడక్కడ తెగి ఉంటుంది. ఓరోస్‌కి అసలు తెగదు, కోపాస్‌కి ఒకచోట, ఎస్పాదాస్‌కి రెండుచోట్ల, బాస్తోస్‌కి మూడుచోట్ల తెగుతుంది. చేతిలో ముక్కలు పూర్తిగా విప్పకుండా అంచు కొంచెం జరిపి చూస్తే చాలు రంగు తెలిసిపోతుంది, పక్కవాడికి నీ ముక్కలు కనబడవు. నాకు ఈ పేకలో బాగా నచ్చింది ఇదే. నీకు పంపింది ఫోర్నియర్ వాళ్లది, విటోరియా ఊళ్లో 1868లో మొదలైన కంపెనీ, స్పెయిన్‌లో ఎక్కడ చూసినా వాళ్ల పేకే కనబడుద్ది.

ఇప్పుడు అసలు తికమక. ముక్క మూల మీద అచ్చేసిన నంబర్ చూసి విలువ అనుకోకు. సోతా మీద 10, గుర్రం మీద 11, రాజు మీద 12 అని ఉంటాయి, ఎందుకంటే 8, 9 కూడా ఉండే నలభై ఎనిమిది ముక్కల పేక కూడా ఉంది, అందులోంచి 8, 9 తీసేస్తే ఈ నలభై. కానీ బ్రిస్కాలో పాయింట్లు వేరేగా ఉంటాయి: ఆసుకి 11, మూడుకి 10, రాజుకి 4, గుర్రానికి 3, సోతాకి 2. మిగతా 7, 6, 5, 4, 2 అన్నీ సున్నా. అంటే 12 అని ఉన్న రాజు నాలుగే చేస్తాడు, 3 అని ఉన్న చిన్న ముక్క పది చేస్తుంది. బలం కూడా ఇదే వరస, ఆసు అన్నిటికన్నా పెద్దది, తర్వాత మూడు, రాజు, గుర్రం, సోతా, తర్వాత 7, 6, 5, 4, అన్నిటికన్నా చిన్నది 2. కొత్తగా ఆడేవాళ్లు మూడుని చిన్న ముక్క అనుకుని మొదట్లోనే విసిరేస్తారు, పది పాయింట్లు ఊరికే పోతాయి. అందుకే ముక్కలు చేతికి రాగానే ఆసులు, మూళ్లు ఒక పక్కకి పెట్టుకో.

ఒక్కో రంగులో 30, నాలుగు రంగులు కలిపితే 120. 61 వస్తే గెలిచినట్టు, 60-60 అయితే డ్రా. ఆ 120లో 84 ఒక్క ఆసుల్లో, మూళ్లలోనే ఉన్నాయి, ఎనిమిది ముక్కల్లో. పేకలో సగం ముక్కలకి అసలు విలువే లేదు. ఇద్దరూ చెరో ముక్క వేస్తే ఒక పట్టు, గెలిచినవాడు ఆ ముక్కలు తీసుకుంటాడు. కాబట్టి ఎన్ని పట్లు గెలిచావన్నది ఎవడూ లెక్కపెట్టడు, ఏ పట్టులో ఏమొచ్చిందన్నదే లెక్క. అవతలివాడు పన్నెండు పట్లు లాగినా నువ్వు ఎనిమిది పట్లతో గెలిచేయొచ్చు.

ఆట ఇలా: ఇద్దరికీ మూడేసి ముక్కలు పంచి, తర్వాతి ముక్క తెరిచి పెట్టాలి, దాని రంగే తురుపు. మిగతా కట్టని దాని మీద అడ్డంగా పెడతారు, తురుపు ముక్క సగం బయటికి కనబడుతూ ఉంటుంది, అన్నిటికన్నా చివర తీసుకునేది అదే. పంచనివాడు మొదట వేస్తాడు, రెండోవాడు ఏ ముక్కైనా వేయొచ్చు. ఇది మళ్లీ చదువు, ఏ ముక్కైనా. మన దగ్గర తురుపాటలు ఆడినవాళ్లకి రంగుంటే అదే వేయాలని అలవాటు, బ్రిస్కాలో ఆ రూల్ లేదు. తురుపు పడితే పెద్ద తురుపుది పట్టు, పడకపోతే మొదట వేసిన రంగులో పెద్దదానిది. వేరే రంగు వేస్తే అది ఆసైనా సరే గెలవదు, ఆ పదకొండూ అవతలివాడికి ఇచ్చినట్టే. పట్టు గెలిచినవాడు కట్ట నుంచి ముందు ఒక ముక్క తీసుకుంటాడు, తర్వాత రెండోవాడు, మళ్లీ గెలిచినవాడే వేస్తాడు. కట్ట అయిపోయాక చేతిలో మిగిలిన మూడూ ఆడేస్తే అయిపోయింది.

ఇంకో రూల్, దీని మీదే గొడవలు అయ్యేది. నీ దగ్గర తురుపు ఏడు ఉండి, తెరిచిపెట్టిన ముక్క దానికంటే పెద్దదైతే, ఏడు అక్కడ పెట్టి దాన్ని తీసేసుకోవచ్చు, కానీ కనీసం ఒక పట్టైనా గెలిచి ఉండాలి. అక్కడున్నది ఏడో అంతకంటే చిన్నదో అయితే తురుపు రెండుతో మార్చుకోవచ్చు. ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఆడతారు, కొందరు అసలు ఒప్పుకోరు, ముక్కలు పంచకముందే మాట్లాడుకోండి.

సరే ఒక ఆట చూద్దాం, ముక్కలు తీసి నిజంగానే పరుచుకో. నేను పంచాను, తెరిచింది కోపాస్ రాజు, కాబట్టి కోపాస్ తురుపు. నీ చేతిలో ఓరోస్ మూడు, బాస్తోస్ ఆరు, కోపాస్ ఏడు. నా చేతిలో ఓరోస్ ఆసు, బాస్తోస్ గుర్రం, ఎస్పాదాస్ నాలుగు. నువ్వు మొదట వేయాలి. ఓరోస్ మూడు వేశావనుకో, నేను ఆసు పడేస్తా, 21 పాయింట్లు ఒక్క దెబ్బకి నాకొచ్చేస్తాయి. అందుకే బాస్తోస్ ఆరు వెయ్, దానికి విలువ లేదు, పోయినా ఏం కాదు. నేను గుర్రంతో పట్టుకుంటా, నాకు 3.

నేను ముందు తీసుకున్నా, కోపాస్ రెండు వచ్చింది. నీకు ఎస్పాదాస్ ఆసు. ఇప్పుడు నేను వేయాలి, ఎస్పాదాస్ నాలుగు వేశా. నువ్వు ఆసుతో పట్టేసెయ్, నీకు 11. ఇద్దరాటలో రెండోగా వేసేవాడికి అంతా కనబడుతుంది, నీ తర్వాత వేసేవాడు లేడు, తురుపు కొట్టేవాడూ లేడు, కాబట్టి ఆసుల్నీ మూళ్లనీ ఇలా రెండోగా వేసేటప్పుడే క్యాష్ చేసుకోవాలి. మొదటగా వేస్తే చిన్న తురుపు రెండుతో కూడా ఎగరేసుకుపోతారు.

ఇప్పుడు పట్టు గెలిచావ్ కదా, కోపాస్ ఏడు పెట్టి రాజుని తీసుకో. తర్వాత కట్ట నుంచి ఒకటి, నీకు బాస్తోస్ ఐదు వచ్చింది. నాకు ఎస్పాదాస్ రాజు వచ్చాడు. నువ్వు బాస్తోస్ ఐదు వెయ్. చూడు, నా చేతిలో ఓరోస్ ఆసు, ఎస్పాదాస్ రాజు, కోపాస్ రెండు ఉన్నాయి. ఆసు వేస్తే 11 నీకు, రాజు వేస్తే 4 నీకు, రెండూ పోకూడదంటే ఉన్న ఒక్క తురుపునీ పాయింట్లే లేని పట్టుకి ఖర్చుపెట్టాలి. ఖర్చుపెట్టాననుకో, వచ్చింది సున్నా, పైగా మళ్లీ నేనే ముందు వేయాలి, చేతిలో ఆసు, రాజు, కట్ట నుంచి కొత్తగా తీసిన ఒక్క ముక్క. ఆ కొత్తది పనికిరాని ముక్కైతే బతికిపోయా, కాకపోతే ఆసో రాజో బయటపెట్టాలి, నీ కోపాస్ రాజు కాచుకుని కూర్చున్నాడు. నువ్వు వేసింది ఒక్క ఐదు, అదీ విలువలేని ముక్క, దాంతో నన్ను ఇంత ఇరుకున పెట్టావ్. బ్రిస్కాలో నాకు ఇష్టమైన భాగం ఇదే రా, పెద్ద ముక్కలు అందరికీ వస్తాయి, చేతిలో ఒక చెత్త ముక్క ఎప్పుడూ దాచుకునేవాడు గెలుస్తాడు.

చివర లెక్కపెట్టేటప్పుడు ఇద్దరి పాయింట్లూ కలిపి చూడు, 120 రావాలి. 116 వస్తే ఒక రాజు ఎక్కడో వదిలేశారు, 110 వస్తే ఒక మూడు లెక్కలో పడలేదు, అది తరచూ జరుగుతుంది, చూపు దాన్ని చిన్న ముక్క కింద దాటేస్తుంది. ముందు ఆసులూ మూళ్లూ ఏరి పక్కన పెట్టి, ఆసు, మూడు జతకి 21 చొప్పున లెక్కేసి, తర్వాత బొమ్మలు కూడితే తప్పు పోదు.

ముగ్గురైతే రెండు నంబర్ ముక్క ఒక్కటి తీసేసి ముప్ఫై తొమ్మిదితో ఆడండి. నలుగురైతే ఎదురెదురు వాళ్లు జోడీ, అక్కడ కుడి పక్కవాడి వైపు ఆట తిరుగుతుంది. మీ బావ పేక అడుగుతున్నాడన్నావ్ కదా, ఆయన దగ్గరున్న మామూలు పేకలోంచి 8, 9, 10, జోకర్లు తీసేస్తే నలభై మిగుల్తాయి, జాకీ సోతా, రాణి గుర్రం, సరిపోతుంది.

ఇది చేతికొచ్చాక తూతే మొదలుపెట్టు. పాయింట్లు అవే, వరసా అదే, కానీ చివరి పట్టుకి పది అదనం, కాబట్టి మొత్తం 130. ఒకే రంగు రాజు, గుర్రం రెండూ చేతిలో ఉంటే పట్టు గెలవగానే చెప్పాలి, 20 వస్తాయి, తురుపు రంగైతే 40. దాంతో బ్రిస్కాలో చటుక్కున పారేసే గుర్రాన్ని తూతేలో రాజు వస్తాడేమో అని పట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. పైగా ఇందులో రంగు వేయాల్సిందే, వీలుంటే పెద్దది వేసి కొట్టాల్సిందే, ఇద్దరాటలో మాత్రం ఈ నిబంధన కట్ట అయిపోయాకే. నువ్వు చిన్నప్పట్నుంచీ తురుపాట ఆడినవాడివి కాబట్టి తూతే నీకు తేలికగా వస్తుంది, అలవాటు మార్చుకోవాల్సింది బ్రిస్కాకే, అందుకే ముందు అది ఆడు. ఆదివారం మీ బావతో కూర్చున్నాక స్కోర్లు పంపు, ఎవరి ఆసు ఎక్కడ పోయిందో కూడా రాయి, నేను చూసి చెప్తా.

నీ
రవి