ఎడమ కాలమ్, కుడి కాలమ్: బాబాయ్‌కి ఉత్తరం

లీడ్స్,
ఆదివారం

బాబాయ్‌కి,

సుధ నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. మీరు పంపిన కొండపల్లి బొమ్మల వ్యాసం ప్రింటు తీసుకుని చదివాను. ఇలాంటి రాతను డాక్యుమెంటరీ స్క్రిప్టుగా మార్చడమే మా ఆఫీసులో నా పని కాబట్టి, దాని మీద డాక్యుమెంటరీ తీయబోతున్న చందు "కొంచెం సర్ది పంపక్కా" అని అడిగినప్పుడు సరేనన్నాను. తీరా చదివాక మనసు మార్చుకున్నాను. అందులో ఏది ఉంచాలో, ఏది వదిలేయాలో మీకు తెలిసినంత నాకు తెలియదు. పైగా వ్యాఖ్యానం చదివేది మీరే. అందుకని ఒక్క పేరా మార్చి చూపిస్తున్నాను. మిగతాది మీరు కానివ్వండి.

స్క్రిప్టును ఎడమ పక్క దృశ్యం, కుడి పక్క ధ్వని అని రెండు కాలమ్‌లుగా ఎందుకు రాయాలని ఫోన్లో అడిగారు. ఆ కాగితాన్ని ముగ్గురు మూడు రకాలుగా చదువుతారు బాబాయ్. చందు ఎడమ పక్క చూసుకుంటూ కెమెరా పట్టుకుంటాడు. మీరు కుడి పక్క చూసుకుంటూ మైకు ముందు చదువుతారు. ఎడిటింగ్‌కి కూర్చున్న మనిషి మాత్రం అడ్డంగా చదువుతాడు. ఈ మాట వినిపించేటప్పుడు తెర మీద ఏముంది, ఈ దృశ్యం నడిచేటప్పుడు చెవిలో ఏం పడుతోంది అన్నదే అతనికి కావాలి. వ్యాసం ఎంత బాగున్నా అందులో ఈ అడ్డం చదువు కుదరదు.

మీ రెండో పేరాలోని ఈ వాక్యం తీసుకుందాం:

"కొండల మీది అడవి నుంచి తెచ్చిన తెల్ల పొణికి కర్రను ఎండబెట్టి, సన్నని సెగ మీద తడి ఆర్చి, కావలసిన ఆకారానికి ఉలితో చెక్కి, కాళ్లూ చేతులూ విడివిడిగా చేసుకుని, చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికించి, ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూసి, మేక వెంట్రుకల కుంచెతో రంగులు దిద్దే ఈ కళాకారుల ఓర్పు వర్ణనాతీతం."

కాగితం మీద హాయిగా ఉంది. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదివితే 26 సెకన్లు పట్టింది. ఇప్పుడు అందులో ఎన్ని పనులున్నాయో చూడండి: ఎండబెట్టడం, సెగ చూపడం, చెక్కడం, విడిభాగాలు, అతికించడం, నునుపు చేయడం, సున్నం, రంగు. ఎనిమిది. ఒక్కొక్కటీ కంటికి ఆనాలంటే తక్కువలో తక్కువ అయిదు సెకన్లు కావాలి, అంటే 40 సెకన్లు. మాట 26 సెకన్లలో పరిగెత్తిపోతే దృశ్యం వెనకబడుతుంది. మీరు "సున్నం" అనే సరికి తెర మీద ఇంకా మక్కు పూస్తూ ఉంటారు. పోనీ దృశ్యాలను కత్తిరించి మూడేసి సెకన్లకు కుదిద్దామంటే, అది టీవీ ప్రకటనలా ఉంటుంది.

ఇంకో చిక్కు మన వాక్యం నడకలోనే ఉంది. ఎండబెట్టి, ఆర్చి, చెక్కి, అతికించి అంటూ క్రియలను పేర్చుకుంటూ పోతాం, అసలు సంగతి చివర్లో చెబుతాం. చదివే కన్ను కావాలంటే వెనక్కి వెళ్లి చూసుకుంటుంది. వినే చెవికి ఆ వీలు లేదు. ఎవరి గురించి చెబుతున్నారో తెలియకుండానే ఎనిమిది పనులు గుర్తుపెట్టుకోమంటే వినేవాళ్లు మూడో దగ్గరే వదిలేస్తారు. అందుకే వ్యాఖ్యానంలో "చేసి, చూసి" అనే ముక్క ఒక వాక్యానికి ఒకటి, మహా అయితే రెండు. అక్కడితో క్రియ పెట్టి ఆపేయడమే.

మార్చేటప్పుడు నేను ముందు పెన్సిలు పట్టుకుంటాను. కంటికి కనిపించే ముక్క కింద ఒక గీత. కంటికి కనిపించని ముక్క, అంటే కారణం, చరిత్ర, పేరు, ఎందులో ఏం కలిసింది అన్నవాటి కింద రెండు గీతలు. ఒక గీత ఉన్నవన్నీ ఎడమ కాలమ్‌కి పోతాయి, రెండు గీతలవి కుడికి. ఏ గీతా పడనివి కొన్ని మిగులుతాయి. మీ వాక్యంలో "ఓర్పు వర్ణనాతీతం" అలాంటిది. కోపం తెచ్చుకోకండి, దాని సంగతి కింద చెబుతాను.

గీతలయ్యాక ఎడమ కాలమ్ మొత్తం ముందు రాసేస్తాను. కుడి పక్క ఖాళీగానే ఉంచుతాను. దృశ్యాలు వరసగా కుదిరాక, వాటికి ఇంకా ఏ మాట అవసరమో అది మాత్రమే రాస్తాను. మాట ముందు రాసి దానికి దృశ్యం వెతుక్కుంటే మళ్లీ వ్యాసమే వస్తుంది. మీ పేరా ఇలా తేలింది:

| దృశ్యం | ధ్వని |
|---|---|
| పెరట్లో గోడకు చేరేసిన పొణికి దుంగలు. ఒక మనిషి పెద్ద దుంగను ఒంటిచేత్తో ఎత్తుతాడు. (8 సె.) | తెల్ల పొణికి. ఈ కొండల్లో దొరికే కర్ర. చేతికి తేలిక, ఉలికి మెత్తన. |
| సన్నని సెగ మీద కర్ర ముక్కలు. చెయ్యి వాటిని తిరగేస్తుంది. (9 సె.) | లోపల తడి ఉండిపోతే బొమ్మ తర్వాత పగులుతుంది. అందుకే ముందు ఎండ, ఆపైన సెగ. |
| ఉలి అంచు, దగ్గరగా. పొట్టు రాలుతుంది. ఏనుగు తొండం తేలుతుంది. (10 సె.) | మాట లేదు. ఉలి చప్పుడు. |
| చాప మీద విడివిడిగా ఏనుగు కాళ్లు, తొండం, అంబారీ. వేలితో మక్కు తీసి కాలికి పూస్తారు. (9 సె.) | ఇది మక్కు. చింతగింజల పొడి, రంపపు పొట్టు. కాళ్లూ తొండమూ ఒంటికి అతికేది దీనితోనే. |
| సున్నం పూసిన తెల్లటి ఏనుగులు వరసగా ఆరుతున్నాయి. కెమెరా వాటి వెంట మెల్లగా జరుగుతుంది. (12 సె.) | ఈ పనివాళ్ల పూర్వులు రాజస్థాన్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారని చెబుతారు. నాలుగు వందల ఏళ్ల నాటి మాట. |
| కుంచె కొన, బాగా దగ్గరగా. ఏనుగు కన్ను దిద్దుతోంది. (8 సె.) | మాట లేదు. వీధిలోని చప్పుళ్లు దూరంగా. |

మొత్తం 56 సెకన్లు. మాటల సంఖ్య మీ వాక్యంలో ఉన్నదానికి దగ్గర దగ్గరగానే ఉంది, సమయం మాత్రం రెట్టింపు దాటింది. ఆ మిగిలిన సమయమంతా చూడటానికి.

మొదటి గడిలో "తేలిక" అన్న మాటకు రుజువు ఎడమ పక్కనే ఉంది. ఒంటిచేత్తో ఎత్తాడు. చందుకి ఆ షాట్ తప్పకుండా తీయమని చెప్పండి. అది లేకపోతే ఆ మాట ఊరికే చెప్పినట్టుంటుంది. రెండో గడిలో "కర్రను సెగ మీద కాస్తారు" అని నేను రాయలేదు. అది కనిపిస్తూనే ఉంది. ఎందుకు కాస్తారో కనిపించదు, కాబట్టి అది రాశాను. మూడో గడిలో చెప్పాల్సిందేమీ లేదు. ఉలి చప్పుడే చాలు. "మాట లేదు" అని రాయకుండా ఆ గడి ఖాళీగా వదిలేస్తే, ఎవరో రాయడం మర్చిపోయారనుకుని ఎడిటరు పాట పెట్టేస్తాడు. మౌనం కావాలంటే దాన్నీ రాయాల్సిందే.

అయిదో గడి కొంచెం ఆలోచించి పెట్టాను. వలస వచ్చిన కథ మీ వ్యాసంలో మొదటి పేరాలో ఉంది. దానికి తెర మీద చూపించడానికి ఏమీ లేదు. అలాంటి ముక్కను చెక్కడం మీద పెడితే కన్ను ఉలి మీద ఉంటుంది, చెవి రాజస్థాన్‌లో ఉంటుంది, రెండూ సగం సగమే అందుతాయి. బరువైన సమాచారాన్ని తేలికైన దృశ్యం మీద పెట్టాలి. ఆరుతున్న బొమ్మల్లో కదలిక లేదు, కొత్తగా తెలుసుకోవాల్సిందీ లేదు. అందుకే అక్కడికి మార్చాను. "చెబుతారు" అని మీరు జాగ్రత్తగా రాసిన మాటను తీసేయలేదు.

ఇక ఓర్పు. ఎడమ కాలమ్‌లో కెమెరాకు దొరికేదే రాయాలి. "ఎంతో ఓర్పుగా" అని రాస్తే చందు ఏం తీస్తాడు? ఎనిమిది సెకన్ల పాటు కత్తిరించకుండా, వణకని చేత్తో కన్ను దిద్దడం చూపిస్తే ఆ మాట చూసేవాళ్లే అనుకుంటారు. "అందమైన", "అద్భుతమైన" లాంటివన్నీ ఇలాగే పోతాయి. నాకు తెలుసు, మీకు వీటిని కొట్టేయడం కష్టంగా ఉంటుంది. వ్యాసాన్ని వ్యాసంగా మన లైబ్రరీ సంచికకు ఇవ్వండి, అక్కడ అవన్నీ ఉండాలి.

సమయం లెక్కకు మాటలు లెక్కపెట్టకండి. ఇక్కడ ఇంగ్లీషు వ్యాఖ్యానానికి నిమిషానికి సుమారు 150 మాటలని ఒక అంచనా ఉంది. మన దగ్గర "అతికించుకోవాల్సివచ్చేది" కూడా ఒక మాటే. అందుకని ఆ అంచనా పనికిరాదు. ప్రతి గడినీ మీ గొంతుతో, మీ నిదానంతో చదివి గడియారం చూసుకోండి. తొమ్మిది సెకన్ల దృశ్యానికి మాట ఏడు సెకన్లు దాటకూడదు. దృశ్యం మొదలై ఒక్క క్షణం గడిచాక గొంతు రావాలి, దృశ్యం మారేలోపు ఆగాలి. ఎక్కువైతే త్వరగా చదవడం కాదు, మాట తగ్గించడమే.

మొత్తం రాశాక పిన్నిని కూర్చోబెట్టి ఒక పరీక్ష చేయండి. కుడి కాలమ్ మీద కాగితం కప్పి, ఎడమది మాత్రం చదివి వినిపించండి. బొమ్మ ఎలా తయారవుతుందో ఆమెకు వరస అర్థమవ్వాలి. తర్వాత ఎడమది కప్పి కుడిది చదవండి. "ఇది అంటే ఏది?" అని ఆమె ఒకటి రెండు చోట్ల అడగాలి. ఎక్కడా అడగకపోతే, అంతా మాటల్లోనే చెప్పేశారని అర్థం. అది రేడియోకి సరిపోతుంది. ప్రతి వాక్యానికీ అడిగితే మరీ కోసేశారన్నమాట.

టైపు చేసేటప్పుడు వర్డ్‌లో టేబుల్ పెట్టుకోండి. ట్యాబ్ కొట్టి రెండు వరసలు చేస్తే, ఎడమ పక్క ఒక్క మాట చేర్చగానే కింద ఉన్నవన్నీ జారిపోతాయి. టేబుల్ ప్రాపర్టీస్‌లో Row అనే చోట "Allow row to break across pages" ఎదురుగా ఉన్న టిక్కు తీసేయండి. లేకపోతే ఒక గడి సగం ఈ పేజీలో, సగం తర్వాతి పేజీలో పడుతుంది. మీరు వాక్యం మధ్యలో కాగితం తిప్పితే ఆ చప్పుడు మైకులో పడుతుంది.

చివరి పేరా మాత్రం నేను ముట్టుకోలేదు. "ఈ కళను మనమంతా కాపాడుకోవాలి" అన్నదానికి ఎడమ పక్క రాయడానికి నాకేమీ తోచలేదు. దాని బదులు, మీరు వెళ్లే ఇంట్లో పెద్దాయన్ని కూర్చోబెట్టి, పొణికి కర్ర ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది, బండి ఎంతకు పడుతోంది, ఇంట్లో పిల్లల్లో ఎవరు ఈ పని నేర్చుకుంటున్నారు అని అడగండి. ఆయన ముఖం ఎడమ కాలమ్‌లో, ఆయన మాటల మొదలూ చివరా కుడి కాలమ్‌లో. రికార్డు చేసిన ఫైలు చందుతో పంపించండి, ఎక్కడ కత్తిరించాలో నేను గుర్తు పెట్టి పంపుతాను.

పిన్నికి నా నమస్కారాలు. వచ్చే ఆదివారం మీకు మధ్యాహ్నం అయ్యేసరికి ఫోన్ చేస్తాను, అప్పటికి మొదటి పేజీ అయినా పంపండి.

ఉంటాను,
సుధ