రెఫరల్ అడిగే ముందు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు "ముందు కంపెనీ సైట్లో అప్లై చేసేసి, తర్వాత అక్కకి మెసేజ్ పెడతా" అన్నావు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే సరిగ్గా చెప్పలేకపోయాను. నీతో ఇదివరకు పనిచేసిన ఆ అక్క తన కంపెనీలో నీ పేరు సిఫార్సు చేయాలంటే, అంటే రెఫర్ చేయాలంటే, అప్పుడే అప్లై చేయకు.

నా ఉద్యోగమంతా ఈ రిక్రూట్‌మెంట్‌లోనే గడిచింది కదా, చూసిందే చెబుతున్నాను. చాలా కంపెనీల్లో నీ మెయిల్ ఐడీతో అప్లికేషన్ ముందే పడి ఉంటే, ఆ తర్వాత ఎవరు రెఫర్ చేసినా లెక్కలోకి రాదు. ఒకసారి మంచి కుర్రాడొకడు ఇలాగే తొందరపడ్డాడు. అతని పాత టీమ్ లీడ్ ఎంత ప్రయత్నించినా, పోర్టల్ ఆ రెఫరల్ తీసుకోలేదు. ఒకవేళ నువ్వు ఇప్పటికే అప్లై చేసేసి ఉంటే దాచకుండా అక్కకి చెప్పు, తను రిక్రూటర్‌తో నేరుగా ఒక మాట అనగలదు.

"ఏమైనా ఓపెనింగ్స్ ఉన్నాయా అక్కా" అని మాత్రం అడగకు. అలా అడిగితే వెతికే పని ఆవిడ మీద పడుతుంది. నీకు సరిపోయే ఉద్యోగం నువ్వే చూసుకుని, దాని జాబ్ ఐడీ ఇవ్వు. రెఫర్ చేసేటప్పుడు ఆ ఐడీ, రెజ్యూమె, నీ మెయిల్, ఫోన్ నంబర్ ఇవ్వాలి. చాలాచోట్ల "ఈ వ్యక్తి మీకెలా తెలుసు" అని కూడా అడుగుతారు. అందరూ తడబడేది అక్కడే. "మంచి అమ్మాయి" అని రాస్తే రిక్రూటర్‌కి ఏమీ తెలియదు. అందుకని ఇద్దరూ కలిసి చేసిన పని ఒకటి నువ్వే గుర్తు చేయి. ఇలా రాయి:

"అక్కా, బాగున్నారా? మీ కంపెనీలో బ్యాకెండ్ ఇంజినీర్ ఉద్యోగం చూశాను, జాబ్ ఐడీ, లింక్ కింద పెట్టాను. ఇంకా అప్లై చేయలేదు. మనం పేమెంట్స్ మాడ్యూల్ చేసినప్పుడు రీఫండ్లు రెండుసార్లు పడుతున్న బగ్ నేను పట్టుకుని సరిచేశాను, గుర్తుందా? నన్ను రెఫర్ చేయడం మీకు సబబు అనిపిస్తేనే చేయండి. కుదరకపోయినా ఏమీ అనుకోను. నోటీసు 60 రోజులు. రెజ్యూమె పీడీఎఫ్ జత చేశాను."

"కుదరకపోయినా" అన్న మాట తీసేయకు. రెఫర్ చేస్తే అక్కడ ఆవిడ పేరు కూడా నీ పేరు పక్కనే ఉంటుంది. ఇది ఆవిడ సొంత ఫోన్‌కే పంపు, ఆఫీసు మెయిల్‌కి వద్దు.

ఆవిడ రెఫర్ చేశాక నీకు ఒక లింక్ మెయిల్లో రావచ్చు. స్పామ్‌లో కూడా వెతుకు. అదే మెయిల్ ఐడీతో ఆ లింక్ నుంచే అప్లికేషన్ పూర్తి చేయాలి. వారం దాటినా కబురు లేకపోతే ఒక్కసారి అడుగు, అంతే. రెఫరల్ వల్ల రెజ్యూమె ఎవరో ఒకరు తెరిచి చూస్తారేమో గానీ, ఇంటర్వ్యూ గట్టెక్కాల్సింది నువ్వే. ఫలితం ఎలా వచ్చినా అక్కకి ముందు నీ నోటితోనే తెలియాలి.

మెసేజ్ రాసి ముందు నాకు పంపు. నేను పడుకోకుండా చూస్తుంటాను.

అమ్మ