కొత్తగా దిగిన పొరుగువారికి స్వాగత చీటీ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల లేఖారచన పాఠంలో భాగంగా ఏడవ తరగతి విద్యార్థులు, పక్కింట్లో కొత్తగా దిగినవారికి ఇచ్చే స్వాగత చీటీ రాశారు. కొందరు దానిని నిజంగానే ఇవ్వాలనుకుంటున్నారు కనుక, ఇచ్చేముందు మీరు ఒకసారి చదవాలని కోరుతున్నాను.

ఒక చీటీ తొలి ప్రతి ఇలా ఉంది: "మీరు ఎక్కడి నుంచి వచ్చారు? ఇంట్లో ఎంతమంది ఉంటారు? ఏ సాయం కావాలన్నా అడగండి. ఆదివారం మీ ఇంటికి వస్తాం." ఆప్యాయతకు లోటు లేదు. అయితే ప్రశ్న అడిగితే జవాబు చెప్పక తప్పదు. పెట్టెలైనా విప్పని ఇంటివారికి అదొక అదనపు పని. "ఏ సాయమైనా" అన్నప్పుడు ఏది అడిగితే బాగుంటుందో, ఏది అడిగితే అతి అవుతుందో తెలియక చాలామంది ఏదీ అడగరు. ఇక వస్తామని ముందే చెప్పేస్తే వద్దనడానికి వారికి దారే ఉండదు.

తరగతిలో చర్చించాక అదే చీటీని ఇలా మార్చారు:

"నమస్కారం. మేము మీ ఎడమవైపు ఇంట్లో ఉంటాం. మీరు ఇక్కడికి వచ్చినందుకు సంతోషం. సామాను సర్దుకునేటప్పుడు నిచ్చెన గానీ సుత్తి గానీ కావలసివస్తే మా దగ్గర ఉన్నాయి; సాయంత్రం 6 నుంచి 8 వరకు తలుపు తట్టవచ్చు. చెత్త తీసుకువెళ్లే రోజులు వెనకవైపు రాశాం. దీనికి జవాబు రాయనవసరం లేదు."

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది చివరి వాక్యం. ఇచ్చే సాయం ఫలానాదని తెలియడం వల్ల అడగడం తేలికవుతుంది; అడగకపోయినా ఎవరూ నొచ్చుకోరని ఆ వాక్యం చెబుతుంది. వెనకవైపు రాసిన వివరమైతే ఎవరినీ అడగకుండానే ఉపయోగపడుతుంది.

మీరు చూడవలసినవి రెండున్నాయి. తలుపు తట్టమని రాసే వేళ పెద్దలు ఇంట్లో ఉండే వేళే కావాలి. పిల్లలు ఒంటరిగా ఉండే సమయం గానీ, ఇల్లు తాళం వేసి ఉండే సమయం గానీ చీటీ చదివితే తెలియకూడదు. ఫోన్ నంబరు ఇవ్వదలిస్తే మీది ఇవ్వండి, వారిది అడగవద్దు. వారి నంబరు మరొకరి ద్వారా మీకు తెలిసినా, వారిని అడగకుండా వీధి వాట్సాప్ గ్రూపులో చేర్చడం మర్యాద కాదు.

సామాను దిగిన రోజు కాకుండా, ఒకటి రెండు రోజులు ఆగి, గంట కొట్టకుండా చీటీని తలుపు సందులోంచి లోపలికి జారవిడిస్తే చాలు. జవాబు రాకపోతే రెండో చీటీ పంపవద్దు. ఎదురుపడినప్పుడు మామూలుగా పలకరించవచ్చు గానీ, "మా చీటీ అందిందా?" అని మాత్రం అడగవద్దని పిల్లలకు చెప్పగలరు.

భవదీయ,
ప్రధానోపాధ్యాయురాలు