మన బావి సినిమాకు గొంతు ఇచ్చినవాళ్లకు, బొమ్మలు గీసినవాళ్లకు

అందరికీ నమస్కారం.

నిన్న రాత్రి పదకొండున్నరకు చివరి సౌండ్ మిక్స్ అయిపోయింది. 11 నిమిషాల మన బొమ్మల సినిమా ఇప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా నడుస్తోంది. ఇందులో తొమ్మిది మంది గొంతులున్నాయి, ఆరుగురు గీసిన బొమ్మలున్నాయి. ఎవరూ ఒక్క రూపాయి తీసుకోలేదు. అందుకే పేర్లు ఎలా వేస్తున్నాం, మీ పనిని ఎక్కడెక్కడ వాడతాం, సినిమా ఎప్పుడు చూపిస్తాం అనేవి మీకు వివరంగా చెప్పడం మా బాధ్యత.

ముందు ఒక మధ్యాహ్నం సంగతి చెప్పాలి. నానమ్మ పాత్రకు గొంతు ఇచ్చిన అమ్మగారిని పద్మారావునగర్‌లో వాళ్ల ఇంట్లోనే రికార్డు చేశాం. మే నెల. ఫ్యాన్ ఆపాం, కూలర్ ఆపాం, చివరికి ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసేశాం. మాట కింద ఆ మోటారు రొద పడితే తర్వాత దాన్ని విడదీయడం చాలా కష్టం. గొంతు గోడలకు తగిలి తిరిగి రాకుండా చుట్టూ దుప్పట్లు కట్టాం. ఆ ఉక్కలో ఆమె రెండు గంటలు కూర్చున్నారు. మేం రాసిన "నీళ్లు వచ్చాయి, త్వరగా రా" అనే మాట చదివి, "ఇట్ల ఎవరంటరు బిడ్డా?" అన్నారు. ఒక్క క్షణం ఆగి, "నీళ్లొచ్చినయ్ రా, జల్ది రా!" అన్నారు. సినిమాలో ఉన్నది అదే టేక్. అలా ఐదు చోట్ల ఆమె మా మాటలను బస్తీ మాటలుగా మార్చారు.

బొమ్మలవాళ్ల ఓపికా తక్కువది కాదు. 2022లో పూడిక తీసి, బాగుచేసి మళ్లీ తెరిచిన బన్సీలాల్‌పేట మెట్ల బావిని చూసి గీస్తామని, రెండు ఆదివారాలు పొద్దున్నే వెళ్లి అక్కడే కూర్చున్నారు. పిల్లవాడు మెట్లు దిగే సీను బ్యాక్‌గ్రౌండ్‌ను ఒకరు మూడుసార్లు మళ్లీ వేశారు. పొద్దుటి వెలుగు పై మెట్ల వరకే పడుతుందని, కింద నీళ్ల దాకా ఎండ చూపిస్తే అబద్ధమవుతుందని ఆయన పట్టుబట్టారు. ఆయన మాటే నిజం. ఆ నీడ వల్లే బావి లోతు తెలుస్తోంది.

ఇక పేర్ల విషయం. మొదటి కాపీలో తప్పులు చేశాం, క్షమించండి. మీ పేర్లను ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నవి చూసి తెలుగులోకి మార్చాం. ఇంగ్లిష్‌లో రాస్తే ల, ళ ఒకటైపోతాయి. న, ణ అంతే, ద, డ అంతే. అలా ఇద్దరి ఇంటిపేర్లు మారిపోయాయి. పైగా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మన లిపికి తగిన సెట్టింగ్ పెట్టకపోవడంతో వత్తులు అక్షరం కిందకు చేరకుండా పక్కకు విడిపోయాయి. అది సరిచేశాక, వరుసల మధ్య జాగా చాలక కింది వత్తులు తెగిపోయాయి. ఇప్పుడు రెండూ సరిచేశాం. అయినా ప్రతి ఒక్కరూ మీ పేరును తెలుగులో మీ చేత్తో కాగితం మీద రాసి ఫొటో పంపండి. దాన్ని చూసే టైప్ చేస్తాం.

పేర్లు పైకి జరిగే వేగం కూడా మార్చాం. మొదట పాట ముగిసేలోపు అన్నీ అయిపోవాలని లెక్క వేస్తే, ఫ్రేముకు మూడు పిక్సెళ్లకు కొంచెం ఎక్కువగా జరిగేలా వచ్చింది. పూర్తి పిక్సెల్ లెక్కలో లేకపోతే అక్షరాలు వణుకుతాయి. మన తెలుగు గుండ్రాల మీద ఆ వణుకు ఇంకా బాగా కనిపించింది. ఇప్పుడు సరిగ్గా మూడు పిక్సెళ్లే. సెకనుకు 24 ఫ్రేములు, తెర ఎత్తు 1080 పిక్సెళ్లు కాబట్టి ఒక పేరు కింద నుంచి పైకి పోవడానికి 15 సెకన్లు పడుతుంది. పాటను కొంచెం పొడిగించాం.

గొంతు ఇచ్చినవాళ్ల పేర్లు పాత్రలు తెర మీదికి వచ్చిన వరుసలోనే వేస్తున్నాం. సంతలో గుంపు అరుపులు ఇచ్చినవాళ్ల పేర్లు కూడా ఉంటాయి. అమ్మగారి పేరు రెండు చోట్ల వస్తుంది. గొంతు దగ్గర ఒకసారి, "మాటల సాయం" దగ్గర ఒకసారి. పిల్లలిద్దరి పేర్లు ఇంటిపేరు లేకుండా వేయమని వాళ్ల అమ్మానాన్నలు అడిగారు, అలాగే వేస్తున్నాం.

హక్కుల కాగితం మీద మళ్లీ సంతకం అడుగుతున్నాం. ఎందుకో చెబుతాను. మొదట మీరందరూ "సినిమాకు వాడుకోవచ్చు" అని ఒక్క వాక్యం రాసిచ్చారు. ఒక లాయర్ స్నేహితురాలికి చూపిస్తే, అది చాలదన్నారు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అనుమతి కాగితంలో ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లే అని, ఎక్కడో రాయకపోతే భారతదేశం వరకే అని అనుకోవాలి. అంటే బయటి దేశంలో ఒక ఫెస్టివల్‌కు పంపితే మీ అనుమతి లేనట్టే అవుతుంది. అందుకే కొత్త కాగితంలో పదేళ్లు, ప్రపంచమంతా అని రాశాం. వాడకం ఫెస్టివల్స్, బళ్లు, లైబ్రరీలు, ఉచిత ప్రదర్శనల వరకే. అది కూడా ఈ సినిమాకు, దీని ట్రైలర్‌కు, పోస్టర్‌కు మాత్రమే. మీ గొంతును కత్తిరించి వేరే సినిమాలోనో ప్రకటనలోనో పెట్టం.

మీ బొమ్మలు మీవే. ఒరిజినల్ కాగితాలు, లేయర్లున్న ఫైళ్లు మీ దగ్గరే ఉంటాయి, వాటిని మీరు అమ్ముకోవచ్చు కూడా. పేరు వేయించుకునే హక్కు, మీ పనిని చెడ్డపేరు వచ్చేలా మారిస్తే అభ్యంతరం చెప్పే హక్కు బొమ్మలు గీసినవాళ్లకు ముందు నుంచీ ఉన్నాయి. 2012 సవరణతో గొంతు ఇచ్చేవాళ్లకూ వచ్చాయి. వాటిని వదులుకోమని ఈ కాగితంలో ఎక్కడా లేదు. డబ్బులొచ్చే వాడకం ఇందులో చేర్చలేదు. రేపు ఏ చానలో కొంటామని వస్తే, మీ అందరినీ కూర్చోబెట్టి, మీ వాటా రాసుకున్నాకే ఒప్పుకుంటాం. పిల్లల తరఫున అమ్మగానీ నాన్నగానీ సంతకం పెట్టాలి. చదివి నచ్చనిది కొట్టేయండి, మాట్లాడుకుందాం.

మొదటి ప్రదర్శన వచ్చే నెల రెండో శనివారం సాయంత్రం ఆరు గంటలకు. హాలు చిరునామా ఇక్కడ పెట్టడం లేదు, ఎవరికి వారికి పంపుతాం. ఎవరైనా రావచ్చని ప్రకటించి వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. దానికి ఇంకా దరఖాస్తు చేయలేదు. కాబట్టి ఇది మనకూ మన ఇళ్లవాళ్లకూ మాత్రమే. ఒక్కొక్కరికి నాలుగు సీట్లు ఉంచాం. హాల్లో సినిమాను ఫోన్‌లో తీయకండి. ముందే నెట్‌లో కనిపించిన సినిమాలను తీసుకోని ఫెస్టివల్స్ ఉన్నాయి. మీరు గీసిన బొమ్మలను, మీ గొంతు ఉన్న అర నిమిషం ముక్కను ప్రదర్శన అయిన మర్నాటి నుంచి మీ పేరుతో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఆ ముక్కలు మేమే కోసి పంపుతాం.

పేరు రాసిన ఫొటో, సంతకం పెట్టిన కాగితం ఈ నెలాఖరుకల్లా పంపండి. ఆ తర్వాత ఫైనల్ కాపీ తీసేస్తాం. హాలుకు మెట్లున్నాయి, లిఫ్ట్ లేదు. అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి పైకి తీసుకెళ్లడానికి ఇద్దరు అరగంట ముందు వస్తే చాలు. ఎవరు వస్తారో చెప్పండి.